కీబోర్డు వేరే ఇంటిది

పదకొండు మెట్లు దిగితే పగలు అయిపోతుంది. కింద ట్యూబులైట్ల వెలుగే. పొద్దునా అదే, సాయంత్రమూ అదే. ఆ నేలమాళిగలో రెండు వరసల దుకాణాలు, చివర ఎప్పటికీ తడి ఆరని ఒక గోడ. ఆ గోడని ఆనుకుని ఉన్న గదిలో, ఊపిరి పోయిన ల్యాప్‌టాప్‌ల మధ్య, ఇరవై రెండేళ్ళుగా ఆమె కూర్చుంటోంది.

వరసలో అందరూ ఆమెని పుట్టుమచ్చలక్క అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురు దుకాణంలో చార్జర్లు అమ్మే ముసలాయన. స్టిక్కరు పోయిన ల్యాప్‌టాప్‌ని ఆమె ముందు పెడితే చాలు, ఒంటి మీద గుర్తులు చూసి అది ఎవరి పిల్లో చెప్పేస్తుంది. మోడలు పేరూ సీరియల్ నంబరూ అడుగున అంటించిన స్టిక్కరు మీద ఉంటాయి. ఒళ్ళో పెట్టుకుని వాడేవాళ్ళ వేడికి, చెమటకి ముందు అక్షరాలు మసకబారతాయి, తర్వాత కాగితమే ఊడిపోతుంది. అప్పుడిక దానికి ఏ బ్యాటరీ సరిపోతుందో, ఏ తెర పడుతుందో తెలియక మెకానిక్‌లు మెట్లు దిగి ఆమె దగ్గరికి వస్తారు.

"మూత మూసి ఇవ్వు" అంటుంది ముందుగా.

మూసిన ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, మెల్లగా తెరుస్తుంది. ఆమె చూసేది తెరని కాదు, మూతనీ ఒంటినీ కలిపే హింజ్‌ని. రెండు పక్కలా విడివిడిగా ఉన్న ఉక్కు హింజులా, లేక మధ్యలో పొడుగ్గా ఒకే గొట్టమా? మూత పూర్తిగా వెనక్కి వాలి బల్ల మీద పడుకుంటుందా, లేక దాని అంచు ఒంటి వెనక్కి జారి దిగి సగంలోనే ఆగిపోతుందా? ఆ తర్వాత నాలుగు పక్కలా వేలు నడిపిస్తుంది. చార్జింగు రంధ్రం ఎడమనా, వెనకా? గాలి బయటికొచ్చే జాలీ ఎటు? నెట్‌వర్కు వైరు పెట్టే చోటు పక్కన ఏముంది? కీబోర్డుని మాత్రం అన్నిటికన్నా చివర చూస్తుంది.

"ఇంతసేపు పెళ్ళిచూపుల్లో కూడా చూడరే అక్కా!" అని మెకానిక్‌లు వేళాకోళం చేస్తే, "అందుకేరా మీ కాపురాలు అలా ఏడ్చాయి" అంటుంది.

ఎవరైనా నేర్చుకుంటానంటే ఒక్కటే చెబుతుంది. కీబోర్డు చొక్కా లాంటిది, నాలుగు మరలు తీస్తే మారిపోతుంది. హింజ్ ఎముక. అది దాని ఒంటికి తప్ప ఇంకో ఒంటికి కూర్చోదు. వైర్లు గుచ్చే పోర్టులు పళ్ళు. చాలావరకు బోర్డుకే అతికి పుడతాయి, అందుకే అవి చూపించేది చొక్కాని కాదు, లోపలి మనిషిని.

ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. పాత కంప్యూటర్ల గోడౌనులో ఊడ్చే పనికి చేరినప్పుడు ఆమెకి ఇంగ్లీషు రాదు. మిగతావాళ్ళు స్టిక్కర్లు చదివి కుప్పలు వేరు చేసేవాళ్ళు. ఒకరు రాని రోజున ఆమెనీ కూర్చోబెట్టారు. చదవలేదు కాబట్టి తడిమింది. ఒకలా తెరుచుకునేవన్నీ ఒక కుప్ప, ఒకచోట రంధ్రాలున్నవన్నీ ఒక కుప్ప. సాయంత్రం మేస్త్రీ వచ్చి స్టిక్కర్లు సరిచూస్తే ఒక్కటీ తప్పలేదు. ఒక మోడలు కుటుంబాన్ని ఆమె 'ఇల్లు' అంటుంది. ఫలానా ఇంటిది, ఫలానా తరానిది అని.

అక్షరాలు మాత్రం తర్వాత కీబోర్డుల మీదే నేర్చుకుంది. అందుకే ఈనాటికీ ఆమె అక్షరమాల ఏతో కాకుండా క్యూతో మొదలవుతుంది. చొక్కా అని ఎంత తీసిపారేసినా, తనకి చదువు చెప్పింది కదా అని, కీబోర్డుల మీద ఆమెకి లోలోపల ఒక మెత్తదనం ఉండేది.

ఆ మెత్తదనమే ఆమెని ముంచింది.

* * *

వాన విడవకుండా కురిసిన వారంలో ఒక మధ్యాహ్నం ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. పంపింది నాలుగు వీధుల అవతల ఉన్న ఒక ఆఫీసులో స్టోరు చూసే గుమాస్తా. అక్కడున్న పద్నాలుగు ల్యాప్‌టాప్‌లకీ విడిభాగాలు ఆమె దగ్గరే కొంటాడు. ఫొటోలో ఒక నల్లటి ల్యాప్‌టాప్ తెరిచి ఉంది, పైనుంచి తీసినది. కింద ఒక ప్రశ్న: "అక్కా, ఇది మా సిరీసేనా? స్టిక్కరు పీకేసి ఉంది."

అప్పుడు ఆమె టీ తాగుతోంది. ఫొటో మధ్యలో, జీ, హెచ్, బీ అక్షరాలు కలిసే చోట, మౌసు బదులు వేలితో కదిపే చిన్న రబ్బరు బొడిపె కనిపించింది. ఆ ల్యాప్‌టాప్ కంపెనీలో బొడిపె ఉన్న కీబోర్డు ఆ ఆఫీసువాళ్ళు వాడే ఇంటికే వస్తుంది. పక్కింటివాళ్ళ పిల్లని వీధిలో చూసినంత సులువుగా గుర్తుపట్టింది. గ్లాసు పక్కన పెట్టకుండానే మైకు బొత్తాం నొక్కి, "మీదే బాబూ, మీ ఇంటిదే" అంది.

ఎందుకు అడిగాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. గ్లాసు అడుగున మిగిలిన పంచదార చెంచాతో తిప్పుకుంటూ ఆ సంగతి మరిచిపోయింది.

ఎనిమిదో రోజున ఒక మనిషి మెట్లు దిగి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. గొడుగుని గుమ్మం బయటే వదిలి, కాళ్ళ తడి లోపలికి రాకుండా పట్టా మీద రెండుసార్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలోనే అక్కకి ఆమె పని తెలిసింది. నేలలు తుడిచేవాళ్ళకే ఇంకొకరి నేల మీద అంత భయం.

"అమ్మా, మూడేళ్ళ కిందట మా ఆయన ఇక్కడే మీ దగ్గర ఒక ల్యాప్‌టాప్ కొన్నాడు, మా అమ్మాయి చదువుకి. ఆయన ఇప్పుడు లేడు. దాని బిల్లు కావాలమ్మా."

"పాతవాటికి బిల్లులేం ఉంటాయి తల్లీ? ఎందుకిప్పుడు?"

ఆమె నిలబడే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక ఆఫీసులో తుడిచే పని, పదకొండేళ్ళుగా. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి వెలగడం మానేసింది. ఆఫీసులో మెషిన్లు బాగుచేయించే సారుంటాడు కదా అని, దిండు గలీబులో చుట్టి తీసుకెళ్ళి, ఎవరికైనా చూపించండి సారూ అని ఆయన చేతికే ఇచ్చింది. రెండు నెలల కిందట ఆ ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ పోయింది. సారు ఆమె తెచ్చినదాన్ని తిరగేసి చూశాడు. అడుగున స్టిక్కరు లేదు.

"దొంగిలించిన వాళ్ళే స్టిక్కరు పీకుతారన్నారు. నేను పీకలేదమ్మా. రోజూ తడిగుడ్డతో తుడిచేదాన్ని. పిల్ల పుస్తకాలూ దాన్నీ కలిపి, పైనా కిందా. తుడిచీ తుడిచీ పోయింది." చేతులు చూపించింది, ఆ చేతులే సాక్ష్యమన్నట్టు. "తెలిసినవాళ్ళని అడిగారట, అది ఆఫీసుదేనని చెప్పారట. నిన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నేనే తీశానని. పెడితే పోలీసుల దాకా పోదన్నారు. పిల్ల పరీక్షలమ్మా. పెట్టేశాను. ఇది నా సొమ్మేనని చూపిస్తే ఆ కాగితం వెనక్కిస్తారేమోనని..."

"ఏ ఆఫీసు?" అంది అక్క. అడుగుతున్నప్పుడే ఆమెకి తెలుసు.

ఆమె చెప్పింది.

ఎదురు దుకాణంలో చార్జర్ల ముసలాయన రేడియో ఏదో వాగుతోంది. అక్క చేతులు బల్ల మీద ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తోచలేదు.

"ఫొటో ఏమైనా ఉందా దానిది?"

ఉంది. కూతురు ఇంట్లో చెక్కబల్ల ముందు కూర్చుని చదువుకుంటుండగా గుమ్మంలోంచి తీసింది. పిల్ల ముఖం సగమే పడింది, ల్యాప్‌టాప్ ఎడమ పక్క మాత్రం నిండుగా పడింది. అక్క ఫోనుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. తెర అంచు ఒంటి వెనక్కి జారి దిగి ఉంది. చార్జింగు వైరు ఎడమ పక్కన, హింజ్ మొదట్లో గుచ్చి ఉంది.

ఆఫీసు ఇంటి హింజులు రెండూ విడి ఉక్కువి. మూత వెల్లకిలా పడుకుంటుంది. చార్జింగు వెనక ఉంటుంది. ఇలా మూత వెనక్కి దిగేదానికి వెనక రంధ్రాలుండటానికే వీల్లేదు, మూత వచ్చి వాటికి అడ్డం పడుతుంది. ఇది అదే కంపెనీలో చౌక ఇల్లు. చిన్నాన్న పిల్లలు. చార్జరు ఒకటే, రంగు ఒకటే, చూపులకి అన్నదమ్ములే.

కానీ ఆ ఇంట్లో బొడిపె కీబోర్డు పుట్టదు.

"ఆఫీసుకి పోదాం పద" అంది, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటూ. ఆ తెలిసినవాళ్ళు తనేనని చెప్పలేదు. దారంతా ఒకే గొడుగు కింద నడిచారు. ఆమె గొడుగుని అక్క వైపే వంచి పట్టుకుంది. తన కుడి భుజం పూర్తిగా తడిసిపోయింది.

* * *

స్టోరు గది కిటికీ లేనిది. గుమాస్తా వాళ్ళిద్దరినీ కలిపి చూసి లేచి నిలబడ్డాడు. తుడిచే ఆమెని పట్టించుకోకుండా, "మీరొచ్చారేంటక్కా?" అన్నాడు.

"ఆ మెషిను ఒకసారి బయటికి తియ్యి. మీవాటిలో ఒకటి పక్కన పెట్టు."

రెండూ పక్కపక్కన పెట్టాడు. నల్లటివి, ఒకే ఎత్తువి. తెరిస్తే ఒకే కీబోర్డు, ఒకే బొడిపె. తెలియని కళ్ళు మోసపోకుండా ఉండే దారి లేదు. తెలిసిన కళ్ళకే ఉంది.

అక్క ఆఫీసుదాని మూతని వెనక్కి నెట్టింది. అది వాలి వాలి, బల్ల మీద చదునుగా పడుకుంది. రెండోదాన్ని నెట్టింది. సగం దాటగానే మూత అంచు వెనక కిందికి దిగి, టక్కుమని ఆగింది. ఇంకాస్త నెడితే విరుగుతుంది.

"ఎముక వేరు" అంది. ఆఫీసుదాన్ని తిప్పి చూపించింది. "చార్జింగు వెనక. దీనికి పక్కన. మీదానికి అడుగున డాక్ అనే పీట మీద కూర్చోబెట్టే పొడుగు సాకెట్టు ఉంది, తడిమి చూడు. దీనికి బోడి పొట్ట. ఇంకోటి చూడు. బొడిపె ఉన్నవాటికి స్పేసు బారు కింద మూడు బొత్తాలు ఉంటాయి, బొడిపెకి నొక్కుకోవడానికి. ఇక్కడ ఉన్నాయా?"

లేవు. వేలితో రాసే నున్నటి చదరం మాత్రమే ఉంది.

ఆమె తన ఫోను తీసి, ఎనిమిది రోజుల కిందటి ఫొటోని ఇప్పుడు పెద్దది చేసి చూసింది. కింద అంచు తెగి ఉంది. అయినా స్పేసు బారు కింద బొటనవేలంత జాగా పడింది. ఆ జాగాలో బొత్తాలు లేవు. అంటే ఆ ఫొటోలోనే కనిపించేది. చూసి ఉంటే.

"మరి కీబోర్డు మాదే కదక్కా?" అన్నాడు గుమాస్తా.

అక్క చేతిసంచీలోంచి స్క్రూడ్రైవరు తీసింది. అడుగు మరలు తిప్పి, కీబోర్డుని ఒక అంచు నుంచి లేపింది. కింద రెండు రిబ్బన్ వైర్లు. వెడల్పుది బోర్డులో గుచ్చి ఉంది. సన్నది బొడిపెది, దాన్ని గుచ్చడానికి ఈ బోర్డులో సాకెట్టే లేదు. అందుకని దాన్ని ఎవరో శ్రద్ధగా మూడు మడతలు వేసి నీలం టేపుతో అంటించారు. అడ్డొచ్చిన రెండు ప్లాస్టిక్ గుబ్బల్ని కటింగు ప్లేయరుతో ఏటవాలుగా కత్తిరించారు.

ఆ ఏటవాలు ఆమెకి తెలుసు. తన ఎడమచేతివాటం. నీలం టేపు చుట్ట ఇప్పటికీ తన బల్ల సొరుగులో ఉంది.

మూడేళ్ళ కిందట ఎవరో ఒకాయన వచ్చి, మా అమ్మాయికి మంచి కీబోర్డుది కావాలమ్మా, బాగా టైపు చేస్తుంది అన్నాడు కాబోలు. మనుషుల ముఖాలు ఆమెకి గుర్తుండవు. చేతిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా మెత్తగా పలికే కీబోర్డుని తెచ్చి ఈ ఒంటికి తొడిగి ఉంటుంది. మంచే చేసింది.

"ఇది నేనమ్మింది" అంది. "కీబోర్డు నేనే మార్చాను. ఈ మెషిను ఈవిడదే."

గుమాస్తా ముఖం ఎర్రబడింది. "మీరే కదక్కా చెప్పారు? నేను అడగలేదా?" అని ఫోను తీశాడు. తీసి, వద్దనే లోపు నొక్కేశాడు. ఆ చిన్న గదిలో అక్క గొంతు అక్కకే వినిపించింది, టీ గుటకతో సహా: "మీదే బాబూ, మీ ఇంటిదే."

తుడిచే ఆమె తలెత్తి అక్కని చూసింది. కోపంగా కాదు. అడుగున స్టిక్కరు వెతికేవాళ్ళు చూసినట్టు చూసింది.

"కాగితం వెనక్కి ఇచ్చెయ్యి బాబూ" అంది అక్క.

"నా చేతిలో లేదు. నిన్ననే పైకి పంపేశాం. పనివాళ్ళని పెట్టే ఏజెన్సీకి కూడా పోయింది." గుమాస్తా గొంతు తగ్గించాడు. "మెషిను తీసుకెళ్ళమనండి. లెటరు సంగతి నేను రాస్తాను పైకి. ఏమంటారో చూద్దాం."

"నువ్వు రాయి. నేనూ రాసిస్తాను, తప్పు నాదని. సంతకం పెడతాను."

పెట్టింది. క్యూతో మొదలయ్యే అక్షరమాలలోంచి ఒక్కో అక్షరం ఏరుకుంటూ తన పేరు రాసింది. గుమాస్తా ఆ కాగితాన్ని ఫైలులో పెట్టాడు. పెట్టిన తీరు చూస్తే అది మళ్ళీ బయటికి వచ్చేలా లేదు.

బయట వరండాలో కొత్త మనిషి నేల తుడుస్తోంది. చేతికి గుచ్చుకోకుండా కర్రకి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. తుడిచే ఆమె ఆ గుడ్డని చూసి ఆగింది. చుట్టింది తనే. ఆగి, తడి నేల మీద అడుగు పడకుండా గోడ పక్కగా నడిచి వెళ్ళింది.

* * *

మళ్ళీ పదకొండు మెట్లు. అక్క ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టింది. తుడిచే ఆమె ఈసారి స్టూలు మీద కూర్చుంది.

వెలగకపోవడానికి కారణం వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఈ ఇంటి మెషిన్లకి చార్జింగు రంధ్రం బోర్డుకి అతికి ఉండదు, ఒక చిన్న వైరు చివర విడిగా ఉంటుంది. ఎడమ పక్కన వైరుకి కాలు తగిలి తగిలి లోపల తెగుతుంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి, ఆ వైరు తెగగానే మెషినూ ఆగిపోయింది. అలాంటి వైరు డబ్బాలో ఉంది. మార్చింది. పది నిమిషాలు పట్టలేదు.

బొత్తాం నొక్కగానే లోపలి ఫ్యాను నిట్టూర్చింది. సెట్టింగుల తెరలోకి వెళ్ళే మీట నొక్కితే, నీలం వెలుగులో తెల్లటి అక్షరాలు వచ్చాయి. మోడలు పేరు, సీరియల్ నంబరు. స్టిక్కరు మీద చెరిగిపోయినవన్నీ బోర్డు లోపల చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎవరైనా ముందు ఈ వైరు మార్చి ఉంటే, ఎవర్నీ ఏమీ అడగాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఆ తెరని ఫొటో తీసి గుమాస్తాకి పంపింది. రెండు టిక్కులు నీలంగా మారాయి. జవాబు రాలేదు.

"అక్కా" అంది ఆమె. అమ్మా అని పిలిచిన గొంతే, ఇప్పుడు అక్కా అంది. "ఆ రోజు మీకు పనెక్కువగా ఉందా?"

లేదనకుండా తప్పించుకునే జవాబులు రెండు మూడు నోటిదాకా వచ్చాయి. ఫొటో సరిగ్గా లేదు. వాన. కళ్ళజోడు మార్చాలి.

"లేదు తల్లీ. ఖాళీగానే ఉన్నాను. టీ తాగుతున్నాను."

ఆమె తల ఊపింది. దిండు గలీబు విప్పి, ల్యాప్‌టాప్‌ని పైనా కిందా కొంగుతో తుడవబోయి, చెయ్యి ఆపేసింది. తుడవకుండానే లోపల పెట్టుకుంది.

"ఇంకో చోట పని దొరికేదాకా ఇక్కడికి రా. కూర్చుని చేసే పనే, వేరు చేయడం. నేర్పుతాను" అంది అక్క.

"వద్దులెండి" అంది ఆమె, మర్యాదగానే. "పదకొండేళ్ళు చేసినచోట దొంగనని రాసుంది. మీ దగ్గర ఏదైనా కనపడకపోతే ముందు నావైపే చూడాల్సొస్తుంది మీరు. చూడకూడదనుకున్నా చూస్తారు."

మెట్లు ఎక్కుతుంటే గొడుగు కొన నుంచి ఒక్కో చుక్క ఒక్కో మెట్టు మీద పడింది. ఎదురు దుకాణంలో ముసలాయన రేడియో ఆపేసి, "ఎవరమ్మా ఆవిడ? సరుకేమైనా తేడా వచ్చిందా?" అన్నాడు.

"సరుకు బాగానే ఉంది బాబాయ్" అంది అక్క. "చెప్పినదానిలో తేడా వచ్చింది."

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ రేడియో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఎవరు ఫొటో పంపినా ఆమె జవాబివ్వదు. మెషినుతో రమ్మంటుంది. రాలేనన్నవాళ్ళని, మూత ఎంత దూరం వాలుతుందో, ఎడమ, కుడి, వెనక, అడుగు, అన్నీ తీసి పంపమంటుంది. విసుక్కుని వేరే దుకాణానికి పోయేవాళ్ళు పోతున్నారు. ఆఫీసు గుమాస్తా కూడా మళ్ళీ రాలేదు.

ఇంకొకటి మొదలుపెట్టింది. ఒక ఒంటికి ఇంకో ఇంటి భాగం తొడిగిన ప్రతిసారీ, మూసే ముందు, నల్ల మార్కరుతో లోపలి ప్లాస్టిక్ మీద రాస్తుంది. కీబోర్డు వేరే ఇంటిది. తేదీ. కింద తన సంతకం. తర్వాత కీబోర్డు కూర్చోబెట్టి, మరలు బిగిస్తుంది. పైనుంచి చూసేవాళ్ళకి అది ఎప్పటికీ కనిపించదు.

ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా రాస్తుంది. అక్షరాలు ఆరేదాకా మూత తెరిచే ఉంచి, ఆ తడి గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది.